కొలెస్ట్రాల్ మాత్రతో కండరాల నొప్పులు: మందు వల్లేనా, కాదా అని తేల్చుకోవడం ఎలా

అటోర్వాస్టాటిన్ మొదలుపెట్టిన నెలకో రెండు నెలలకో పిక్కలు లాగుతున్నట్టు, తొడలు బరువెక్కినట్టు అనిపిస్తుంది. వారం రోజులు మాత్ర ఆపి చూస్తారు, నొప్పి తగ్గుతుంది. మళ్ళీ వేసుకుంటే మళ్ళీ వస్తుంది. ఇంతకంటే రుజువు ఇంకేం కావాలి, ఈ మందు నాకు పడదు అని తేల్చేసుకుంటారు. కానీ అది రుజువు కాదు. ఆపితే తగ్గడం, వేసుకుంటే రావడం మందు లేని ఉత్తుత్తి మాత్రతో కూడా అచ్చం అలాగే జరుగుతుంది.

దీన్ని సూటిగా పరీక్షించిన అధ్యయనం ఒకటి ఉంది. లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ వాళ్ళు చేశారు, పేరు శాంసన్, ఫలితాలు 2020లో వచ్చాయి. ఇబ్బందులొచ్చి స్టాటిన్, అంటే అటోర్వాస్టాటిన్ లాంటి కొలెస్ట్రాల్ మాత్ర, మానేసిన 60 మందిని తీసుకుని, ఒక్కొక్కరికి 12 సీసాలు ఇచ్చారు. నాలుగింటిలో 20 మిల్లీగ్రాముల అటోర్వాస్టాటిన్, నాలుగింటిలో చూడ్డానికి అలాగే ఉండే ఉత్తుత్తి మాత్రలు, నాలుగు ఖాళీ సీసాలు. నెలకో సీసా. రోజూ తమ బాధకు 0 నుంచి 100 మధ్య ఒక అంకె వేసుకోవాలి. ఖాళీ సీసా నెలల్లో సగటు 8 వచ్చింది. అసలు మందు నెలల్లో 16.3. ఉత్తుత్తి మాత్ర నెలల్లో 15.4. అంటే మాత్ర మింగుతున్న నెలల్లో పెరిగిన బాధలో 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ వచ్చింది. ఆపాక నొప్పి తగ్గిన తీరు కూడా రెంటిలో ఒకటే.

దీన్నే నోసీబో అంటారు. ఇక్కడ ఒక అపార్థం ముందే తీసేయాలి. నోసీబో నొప్పి అంటే నటన కాదు, ‘మీకేం లేదు, అంతా మనసులోనే’ అనే మాట కూడా కాదు. ఆ 60 మందికీ నిజంగానే నొప్పి పుట్టింది. 50 దాటిన ఒంట్లో రోజూ ఏదో ఒక మూల చిన్న నొప్పి ఉంటూనే ఉంటుంది. ఈ మందుతో కండరాలు పాడవుతాయని విన్న రోజు నుంచి మెదడు ఆ నొప్పిని వెతికి మరీ పట్టుకుంటుంది, దాని గొంతు పెంచుతుంది. బాధ ఒకటే, పుట్టిన చోటు వేరు. పుట్టిన చోటు వేరైతే చేయాల్సిన పనీ వేరు. అందుకే తేల్చుకోవడం.

మరి స్టాటిన్‌తో కండరాల నొప్పి అసలు రానే రాదా అంటే, వస్తుంది. మందు ఎవరికి, ఉత్తుత్తి మాత్ర ఎవరికి అన్నది తెలియకుండా జరిపిన 19 పెద్ద ట్రయల్స్ సమాచారాన్ని, సుమారు 1,24,000 మందిది, ఒకచోట చేర్చి 2022లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రచురించారు. కండరాల నొప్పి ఉందన్నవాళ్ళు మందు వైపు 27.1 శాతం, ఉత్తుత్తి మాత్ర వైపు 26.6 శాతం. తేడా ఎక్కువగా మొదటి ఏడాదిలోనే కనిపించింది. ఆ మొదటి ఏడాదిలో కూడా స్టాటిన్ వాడుతూ నొప్పి అని చెప్పిన ప్రతి 15 మందిలో సుమారు ఒకరికే ఆ నొప్పి మందు వల్ల వచ్చింది. మీరు ఆ ఒకరా, మిగతా 14 మందిలో ఒకరా అన్నది ఇప్పుడు చూద్దాం.

ముందు ప్రమాదం లేదని నిర్ధారించుకోండి

మూత్రం డికాక్షన్ రంగులోకో కోలా రంగులోకో మారినా, నొప్పితో పాటు బలం తగ్గి కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవలేకపోతున్నా, కండరాలు వాచి ముట్టుకుంటేనే ఓర్చుకోలేకపోతున్నా ఈ వ్యాసం పక్కన పెట్టి ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. ఆ పూట స్టాటిన్ వేసుకోవద్దు. కండరం కరిగి రక్తంలో కలిసి కిడ్నీలను దెబ్బతీసే స్థితి ఇది. చాలా అరుదు, లక్షల్లో కొద్దిమందికి. కానీ వస్తే గంటలు లెక్క. అక్కడ కండరం దెబ్బను చూపే సీపీకే, కిడ్నీల పనిని చూపే క్రియాటినిన్, మూత్ర పరీక్ష చేస్తారు.

నొప్పికీ నీరసానికీ బలహీనతకీ తేడా గమనించండి. మెట్లెక్కితే తొడలు నొప్పెడుతున్నాయి కానీ ఎక్కగలుగుతున్నారంటే అది నొప్పి. నేల మీద కూర్చున్నవారు ఎవరో చెయ్యి అందిస్తే తప్ప లేవలేకపోతున్నా, బస్సు మొదటి మెట్టు ఎక్కడానికి కమ్మీ పట్టుకుని ఒంటిని పైకి లాక్కోవాల్సి వస్తున్నా, తల దువ్వుకునేటప్పుడు చెయ్యి పైన నిలవకపోతున్నా అది బలహీనత. నోసీబో నొప్పి పుట్టిస్తుంది కానీ ఇలాంటి బలహీనతకు కారణం చాలా వరకు అది కాదు. బలహీనత ఉందంటే డాక్టర్ చూడాల్సిందే.

ఆపేముందు స్ట్రిప్ వెనక చదవండి

మన దగ్గర స్టెంట్ వేసిన వాళ్ళకు చాలామందికి స్టాటిన్ విడిగా రాయరు. ఒకే క్యాప్సూల్‌లో రోసువాస్టాటినో అటోర్వాస్టాటినో ఉంటుంది, దానితో పాటు ఆస్పిరిన్ 75, క్లోపిడోగ్రెల్ 75 కూడా ఉంటాయి. ఇంట్లో దాన్ని ‘కొలెస్ట్రాల్ మందు’ అనే పిలుస్తారు. నొప్పులని దాన్ని ఆపేస్తే రక్తం గడ్డకట్టకుండా కాపాడే రెండు మందులూ ఆగిపోతాయి. స్టెంట్ వేసిన కొత్తలో ఇలా చేస్తే స్టెంట్‌లోనే గడ్డ కట్టి గుండెపోటు రావచ్చు. కండరాల నొప్పి వల్ల కాదు, ఇలా తెలియక ఆపడం వల్ల జరిగే నష్టం పెద్దది.

కాబట్టి స్ట్రిప్ మీద మందుల పేర్లన్నీ, పక్కన మిల్లీగ్రాములూ కాగితం మీద రాసుకోండి. కలిపిన క్యాప్సూల్ అయితే డాక్టర్‌ని అడిగి విడి మాత్రలుగా మార్పించుకోండి. పరీక్ష ఏదైనా ఆ తర్వాతే. ఇటీవల గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్ళు, ఏడాదిలోపు స్టెంట్ పడ్డవాళ్ళు స్టాటిన్‌ను సొంతంగా ఒక్కరోజు కూడా ఆపకూడదు. ఎన్నాళ్ళు ఆపొచ్చో డాక్టరే చెప్పాలి.

అదే కాగితం మీద గత రెండు నెలల్లో వాడిన ప్రతి మందూ రాయండి, చర్మానికి వాడినవి కూడా. ఇది చాలామంది వదిలేసే మెట్టు. తామరకు వారాల తరబడి ఇట్రాకోనజోల్ క్యాప్సూల్స్ వాడటం ఇప్పుడు మామూలైపోయింది. అటోర్వాస్టాటిన్‌ను, సింవాస్టాటిన్‌ను కాలేయంలో విరగ్గొట్టే ఎంజైమును ఈ మందు అడ్డుకుంటుంది. అదే 20 మిల్లీగ్రాముల మాత్ర రక్తంలో రెండు మూడింతల మోతాదులా పనిచేస్తుంది. సింవాస్టాటిన్‌తో ఇట్రాకోనజోల్ అసలు కలపకూడదు. అటోర్వాస్టాటిన్ అయితే 20 మిల్లీగ్రాములు దాటకూడదు. ఛాతీ ఇన్ఫెక్షన్‌కు, కడుపులో పుండుకు ఇచ్చే క్లారిత్రోమైసిన్ కూడా ఇదే పని చేస్తుంది. చర్మ డాక్టర్‌కు గుండె మందులు చెప్పం, గుండె డాక్టర్‌కు తామర మందు చెప్పం, నొప్పి మాత్రం స్టాటిన్ ఖాతాలో పడుతుంది. ఇట్రాకోనజోల్ మొదలైన వారం పది రోజులకు నొప్పులు మొదలైతే అది మందు వల్ల వచ్చిన నొప్పే అని గట్టిగా అనుమానించాలి. పరిష్కారం కూడా తేలిక. కోర్సు అయ్యేదాకా స్టాటిన్ ఆపడమో, ఆ ఎంజైము మీద అంతగా ఆధారపడని రోసువాస్టాటిన్‌కు మారడమో డాక్టర్ చూస్తారు.

ట్రైగ్లిజరైడ్లకు జెమ్‌ఫైబ్రోజిల్ వాడుతుంటే అదీ చెప్పండి, స్టాటిన్‌తో దాన్ని కలపకూడదు. బీపీకి అమ్లోడిపిన్ వాడుతూ సింవాస్టాటిన్ వాడేవాళ్ళకు 20 మిల్లీగ్రాములే హద్దు. పంపర పనస కూడా పేగులో ఇదే ఎంజైమును అడ్డుకునే పండు. ఎప్పుడో నాలుగు తొనలు తింటే కొంప మునగదు. కాపు వచ్చిన రోజుల్లో వరసపెట్టి తింటున్నారంటే డాక్టర్‌తో చెప్పాల్సిన విషయమే.

నొప్పి ఎక్కడ, ఎప్పుడు అన్నది రాయండి

మందు వల్ల వచ్చే నొప్పికి ఒక పోలిక ఉంటుంది. రెండు పక్కలా సమానంగా వస్తుంది. మొండేనికి దగ్గరి పెద్ద కండరాలను, అంటే తొడలు, తుంటి, భుజాలను ఎక్కువగా పట్టుకుంటుంది. పిక్కల్లోనూ రావచ్చు. మొదలుపెట్టిన లేదా మోతాదు పెంచిన 12 వారాల లోపు తలెత్తుతుంది. మొద్దుగా, బరువుగా, బాగా పనిచేసిన మర్నాటి నొప్పిలా ఉంటుంది.

ఒక్క మోకాలే నొప్పెడితే అది కీలు. నడుము నుంచి ఒక కాలిలోకి జారితే నరం. రాత్రి పడుకున్నాక పిక్క ఒక్కసారి రాయిలా పట్టేసి రెండు నిమిషాల్లో వదిలితే అది కొంకరపోవడం, స్టాటిన్ లేనివాళ్ళకూ వస్తుంది. అరికాళ్ళు మంటలు, తిమ్మిరి అయితే షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నాయేమో చూడాలి. నడిస్తేనే పిక్క పట్టేసి, నిలబడగానే వదిలితే కాలి రక్తనాళం మూసుకుపోతోందని అనుమానం. ఆ మనిషికి స్టాటిన్ ఆపడం కాదు, తప్పకుండా ఉండాలి. మొదటి మాత్ర మింగిన గంటకే ఒళ్ళంతా నొప్పులు వచ్చాయంటే మందు కండరాన్ని తాకేంత వ్యవధి కూడా లేదు.

ఇవేవీ తిరుగులేని గుర్తులు కావు. కానీ పదిమందిలో ఆరేడుగురికి అసలు ప్రశ్న ఎక్కడుందో ఈ కాగితమే చూపిస్తుంది అన్నది మా అంచనా.

రెండు రక్త పరీక్షలు

మొదటిది సీపీకే. కండరం దెబ్బతింటే బయటికి కారే పదార్థం ఇది. పరీక్షకు మూడు నాలుగు రోజుల ముందు నుంచి జిమ్, బరువులెత్తడం, పొలంలో గట్టి పని మానండి. తొడకో పిర్రకో ఇంజెక్షన్ వేయించుకుని ఉంటే వారం ఆగండి. ఇవన్నీ సీపీకేను పెంచుతాయి, దాంతో లేనిపోని కంగారు. రిపోర్టులో మీ అంకె పక్కన ల్యాబ్ పై హద్దు అచ్చేసి ఉంటుంది. ల్యాబును బట్టి అది మారుతుంది కాబట్టి అంకెను కాదు, హద్దుకు ఎన్ని రెట్లన్నది చూడాలి. ఉదాహరణకు హద్దు 190 అయితే నాలుగు రెట్లు 760, పది రెట్లు 1,900.

నాలుగు రెట్ల లోపు ఉంటే నిదానంగా తేల్చుకునే వ్యవధి ఉంది. నాలుగు రెట్లు దాటితే నొప్పి మందు వల్లే అనుకుని డాక్టర్ చెప్పినట్టు ఆపాలి. పది రెట్లు దాటితే ఆ రోజే ఆపి, కిడ్నీ పరీక్ష కూడా చేయించాలి. సీపీకే మామూలుగా ఉందంటే కండరం పాడవడం లేదని భరోసా. అయితే సీపీకే పెరగకుండానే మందు వల్ల నొప్పి రావచ్చు కాబట్టి ప్రశ్న అక్కడితో ముగియదు.

రెండోది టీఎస్‌హెచ్. థైరాయిడ్ తగ్గితే కండరాలు నొప్పెడతాయి, కొలెస్ట్రాల్ కూడా పెరుగుతుంది. అంటే థైరాయిడ్ తగ్గిన మనిషికి కొలెస్ట్రాల్ చూసి స్టాటిన్ రాస్తారు, తర్వాత నొప్పులని స్టాటిన్ ఆపుతారు, మూలం మాత్రం మెడలో అలాగే ఉంటుంది. పైగా థైరాయిడ్ తక్కువున్న ఒంట్లో స్టాటిన్ నిజంగానే కండరాన్ని ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ముందు దాన్ని సరిచేయాలి. విటమిన్ డి బాగా తక్కువుంటే దాన్నీ సరిచేయించుకోవచ్చు. కానీ విటమిన్ డి వేసుకుంటే స్టాటిన్ నొప్పులు రావన్న నమ్మకానికి ట్రయల్స్‌లో ఆధారం దొరకలేదు. కోఎంజైమ్ క్యూ10 సంగతీ అంతే, ఖరీదు మాత్రం స్టాటిన్ కంటే ఎక్కువ.

ఆపి, మళ్ళీ మొదలుపెట్టి చూడటం

ప్రమాద సూచనలు లేవు, సీపీకే నాలుగు రెట్ల లోపే ఉంది, వేరే కారణం కనబడలేదు. అప్పుడు డాక్టర్ ఒప్పుకుంటే ఈ పరీక్ష చేయాలి. ఒక నోట్‌బుక్కు చాలు. రోజూ రాత్రి పడుకునే ముందు ఒకే సమయానికి ఆ రోజు నొప్పికి 0 నుంచి 10 మధ్య అంకె వేయండి. నిన్నటి అంకె చూడొద్దు, పేజీ మడిచి పెట్టండి. పక్కన ఒక్క ముక్క రాయండి: ఎక్కువ నడిచారా, జ్వరమా, నిద్ర సరిగా లేదా. పొద్దున్నే కుర్చీలోంచి చేతులు కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోడానికి ఎన్ని సెకన్లు పడుతుందో వారానికోసారి ఫోన్‌లో చూసి రాయండి. అంకె మనసును బట్టి మారుతుంది. సెకన్లు అంత తేలిగ్గా మారవు.

మాత్ర వేసుకుంటూ రెండు వారాలు రాయండి. తర్వాత నాలుగు వారాలు ఆపి రాయండి. మళ్ళీ అదే మాత్ర, అదే మోతాదు మొదలుపెట్టి ఇంకో నాలుగు నుంచి పన్నెండు వారాలు రాయండి. ఎక్కువమంది మూడో భాగం చేయరు, తగ్గిందిగా అని ఆపిన దగ్గరే ఆగిపోతారు. మళ్ళీ మొదలుపెట్టినా నొప్పి రాని వాళ్ళు చాలామంది ఉంటారు. వాళ్ళ ప్రశ్న అక్కడికి తీరిపోతుంది.

డాక్టర్లు దీనికి మార్కులు వేసే పట్టీ ఒకటి ఉంది. నొప్పి రెండు తొడలు, తుంటిలో ఉంటే 3, రెండు పిక్కల్లో లేదా రెండు భుజాల్లో ఉంటే 2, మిగతా చోట్ల 1. మొదలైంది నాలుగు వారాల లోపైతే 3, 4 నుంచి 12 వారాల మధ్యైతే 2, ఆ తర్వాతైతే 1. ఆపిన రెండు వారాల్లో తగ్గితే 2, నాలుగు వారాల లోపు తగ్గితే 1. మళ్ళీ మొదలుపెట్టిన నాలుగు వారాల్లో తిరగబెడితే 3, 12 వారాల లోపైతే 1. మొత్తం 11. తొమ్మిది ఆపైన వస్తే మందు వల్ల కావచ్చు, 7-8 అయితే చెప్పలేం, 6 అంతకంటే తక్కువైతే మందు కాకపోవచ్చు.

ఈ పట్టీలో ఒక లోపం ఉంది, తెలుసుకుని వాడాలి. తక్కువ మార్కులు వస్తే నిశ్చింతగా నమ్మొచ్చు. ఎక్కువ వస్తే మాత్రం అది రుజువు కాదు, ఎందుకంటే మాత్ర వేసుకుంటున్నానని మీకు తెలుసు. ఒక ఉదాహరణ కట్టి చూద్దాం.

ఒకావిడకు 57 ఏళ్ళు, తొమ్మిదేళ్ళుగా షుగర్, గుండె జబ్బు లేదు. అటోర్వాస్టాటిన్ 20తో చెడు కొలెస్ట్రాల్, అంటే ఎల్‌డీఎల్, 142 నుంచి 80కి వచ్చింది. ఆరో వారంలో రెండు పిక్కలూ లాగడం మొదలైంది. సీపీకే 150, ల్యాబ్ హద్దు 170. టీఎస్‌హెచ్ మామూలే, కొత్త మందులేవీ లేవు. మాత్రతో రెండు వారాల సగటు 5. ఆపిన పది రోజులకు 2.5కి దిగింది. మళ్ళీ మొదలుపెట్టిన రెండో రోజునే 5. పిక్కలకు 2, ఆరో వారానికి 2, రెండు వారాల్లో తగ్గినందుకు 2, వెంటనే తిరగబెట్టినందుకు 3. మొత్తం 9, మందు వల్ల కావచ్చు అని పట్టీ చెబుతోంది. కానీ రెండు విషయాలు పొసగవు. నెలన్నర పట్టి వచ్చిన నొప్పి రెండోసారి రెండు రోజుల్లో ఎలా వచ్చింది? కుర్చీ సెకన్లు మూడు దశల్లోనూ 13, 13, 13.

కళ్ళు మూసుకుని చేసే పరీక్ష

ఇలాంటి చోట తేల్చేది ఒక్కటే, ఏది మింగుతున్నారో మీకు తెలియకుండా చూడటం. అన్ని ఊళ్ళలో దొరికేది కాదు, కానీ ఫార్మసిస్టు ఉన్న పెద్ద ఆసుపత్రిలో డాక్టర్ అనుకుంటే చేయించగలరు. లోపలిది కనిపించని రంగు క్యాప్సూల్స్‌లో సగం వాటిలో మాత్ర పెట్టి, సగం వాటిలో మందు లేని పొడి నింపుతారు. నాలుగు వారాలకు ఒక డబ్బా చొప్పున నాలుగు డబ్బాలు, మీద అంకెలు మాత్రమే. ఏ అంకెలో ఏముందో ఫార్మసిస్టు రాసి కవరు అంటించేస్తారు. డాక్టర్‌కు కూడా చెప్పరు. ఇంట్లో మీరే నింపుకోవడం కుదరదు, నింపినవాళ్ళ ముఖం చూస్తేనే తెలిసిపోతుంది. గుండెపోటు వచ్చినవాళ్ళకు ఇది సాధారణంగా తగదు, నెలల కొద్దీ మందు తగ్గుతుంది కాబట్టి.

ఆవిడ నాలుగు డబ్బాల సగటులు వరసగా 4.6, 4.3, 4.9, 5.0 అనుకుందాం. కవరు విప్పితే మందు ఉన్నవి మొదటిది, నాలుగోది. మందు సగటు 4.8, ఉత్తుత్తిది 4.6, అసలేం మింగని రోజుల్లో 2.5. మింగడం వల్ల పెరిగిన నొప్పి 2.3 అయితే అందులో మందు వాటా 0.2. నొప్పి ఉంది, కానీ అందులో మందు పాలు లేనట్టే. ఒకవేళ మందు డబ్బాలు రెండూ 6, ఉత్తుత్తివి రెండూ 2.7 అయి ఉంటే కథ తిరగబడేది. అప్పుడు నిస్సందేహంగా మందే. ఒక మందు డబ్బా 6, ఇంకోటి 3 వస్తే ఏదీ తేలనట్టు, ఇంకో రెండు డబ్బాలు కావాలి.

ఇలా అంకెలు ఎదురుగా పెట్టి చూపిస్తే ఏమవుతుందో శాంసన్‌లో చూశారు. తమ నెలవారీ గీత చూసుకున్నాక 60 మందిలో 30 మంది మళ్ళీ స్టాటిన్ మొదలుపెట్టారు. మందలిస్తే, ‘భయపడకండి’ అని భుజం తడితే ఇంతమంది తిరిగి రారు.

తేలాక ఏం చేయాలి

మందు కాదని తేలితే నొప్పిని గాలికి వదిలేయమని కాదు. షుగర్ నరాలా, నడుమా, నిద్రలేమా అని దాని దారిలో దాన్ని వెతకాలి. మాత్ర కొనసాగించాలి. అదే మాత్ర చూస్తేనే మనసు ముడుచుకుంటోందా, అందులో సిగ్గుపడేదేమీ లేదు. వేరే స్టాటిన్‌కు చిన్న మోతాదులో మారితే ఆ ముడి చాలావరకు వదులుతుంది. మొదటి రెండు మూడు వారాలు నొప్పి కాస్త పెరగొచ్చని, ఎక్కువమందికి తగ్గిపోతుందని ముందే తెలిసి ఉండటం కూడా పనిచేస్తుంది.

మందే అని తేలితే, లేదా తేల్చే వీలు లేకపోతే, దారి ఒక్కటే: మోతాదు తగ్గించి మళ్ళీ మొదలు. సీపీకే నాలుగు రెట్లు దాటి ఉంటే ఆరు వారాలు ఆగి, అది మామూలుకు వచ్చిందని చూసుకున్నాకే మొదలుపెట్టాలి. తక్కువ మోతాదుతో ఏం ఒరుగుతుంది అనుకోవద్దు. స్టాటిన్ పనిలో సింహభాగం మొదటి చిన్న మోతాదులోనే జరుగుతుంది. రోసువాస్టాటిన్ 5 మిల్లీగ్రాములు ఎల్‌డీఎల్‌ను దాదాపు 40 శాతం తగ్గిస్తుంది. ఆపైన మోతాదు రెట్టింపు చేసిన ప్రతిసారీ అదనంగా వచ్చేది 6 శాతమే. పైగా ఆసియా వాళ్ళ రక్తంలో రోసువాస్టాటిన్ తెల్లవాళ్ళలో కంటే సుమారు రెండింతలు చేరుతుందని, మొదలు 5తోనే పెట్టాలని అమెరికా మందు పత్రమే చెబుతుంది. అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉంటున్నవాళ్ళు 20తో మొదలుపెట్టి నొప్పులు తెచ్చుకుని ఉంటే ఈ మాట డాక్టర్‌తో అనొచ్చు.

రోజూ 5 కూడా పడకపోతే రోజు విడిచి రోజు, అదీ కాకపోతే వారానికి రెండుసార్లు. రోసువాస్టాటిన్, అటోర్వాస్టాటిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తాయి కాబట్టి వాటితో ఇది కుదురుతుంది. సింవాస్టాటిన్‌తో కుదరదు. తక్కువైన దాన్ని ఎజెటిమైబ్ 10 మిల్లీగ్రాములతో పూడ్చుకోవచ్చు. అది పేగులో కొలెస్ట్రాల్ పీల్చుకోవడాన్ని అడ్డుకుంటుంది, ఎల్‌డీఎల్ ఇంకో 20 శాతం దాకా దిగుతుంది. చిన్న స్టాటిన్, దానికి తోడు ఎజెటిమైబ్ అన్నది మా లెక్కలో అన్నిటికంటే తెలివైన బేరం.

వేర్వేరు స్టాటిన్లు, కనీసం రెండు, అందులో ఒకటి అతి తక్కువ మోతాదులో ప్రయత్నించినా పడకపోతేనే స్టాటిన్ పడదు అనాలి. అప్పుడు బెంపెడోయిక్ ఆసిడ్ 180 మిల్లీగ్రాముల మాత్ర ఉంది. ఇది కాలేయంలో మాత్రమే చురుకుగా మారుతుంది, కండరంలో మారదు. స్టాటిన్ పడని సుమారు 14,000 మందితో చేసిన ట్రయల్ 2023లో వచ్చింది, గుండెపోటు లాంటివి 13 శాతం తగ్గాయి. యూరిక్ ఆసిడ్‌ను పెంచుతుంది కాబట్టి గౌట్ ఉన్నవాళ్ళు ముందే చెప్పాలి. ఆ పైన ఇంజెక్షన్లు: రెండు వారాలకోసారి వేసుకునే ఎవోలోక్యుమాబ్, మొదటి రెండు డోసుల తర్వాత ఆరు నెలలకోసారి వేసే ఇంక్లిసిరాన్. ఎల్‌డీఎల్‌ను సగానికి పైగా దించుతాయి, ధర జేబును కూడా అలాగే దించుతుంది. ఏ మార్పు చేసినా 6 నుంచి 8 వారాలకు లిపిడ్ పరీక్ష చేయించాలి.

ఒక్క సందర్భంలో మాత్రం మళ్ళీ ప్రయత్నం లేదు. స్టాటిన్ ఆపి రెండు నెలలైనా బలహీనత పెరుగుతూ, సీపీకే దిగకుండా ఉంటే రోగనిరోధక శక్తే కండరం మీద పడిందేమో చూడాలి. హెచ్‌ఎంజీసీఆర్ యాంటీబాడీ అనే రక్త పరీక్షతో తెలుస్తుంది. చాలా అరుదు. అది ఉంటే వేరే చికిత్స, స్టాటిన్ జీవితంలో మళ్ళీ ముట్టుకోకూడదు.

చివరి పని, ఫైలులో రాసిపెట్టడం. ‘స్టాటిన్ పడదు’ అన్న రెండు ముక్కలు రాస్తే తర్వాత వచ్చే ప్రతి డాక్టరూ ఆ మందు జోలికి పోరు. ఇలా రాయించుకోండి: అటోర్వాస్టాటిన్ 40, ఎనిమిదో వారంలో రెండు తొడల నొప్పి, సీపీకే 410, ల్యాబ్ హద్దు 190, ఆపిన మూడు వారాలకు తగ్గింది, అప్పుడు ఇట్రాకోనజోల్ వాడుతున్నారు, తర్వాత రోసువాస్టాటిన్ 5 రోజు విడిచి రోజు ఇబ్బంది లేదు. పక్కన తేదీ.